టిప్పర్లు తిరిగే రోడ్డుకు పొరల మందం: రిపోర్టులో లెక్క నిలబడాలంటే

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. టెక్కలి వైపు ఒక జిల్లా రోడ్డును రెండు లేన్లకు పెంచే పని. ట్రాఫిక్ లెక్క ఉంది, మట్టి బలం చెప్పే సీబీఆర్ రిపోర్టులు ఉన్నాయి. తారు రోడ్ల డిజైన్ నియమావళి ఐఆర్‌సీ 37 చూసి పొరల మందం వేసి పంపితే "ఈ మందానికి జస్టిఫికేషన్ ఏది?" అని ఒక్క ముక్క రాసి వెనక్కి పంపారు. ఇంకేం రాయాలి?

జవాబు:

మీరు వేసిన మందం తప్పని వాళ్లు అనలేదు. ఆ మందం ఎక్కడి నుంచి వచ్చిందో కనిపించట్లేదన్నారు, అంతే. ఇలాంటి రోడ్డుకే నేను రిపోర్టు చేశాను. ఒక పక్క నీలి గ్రానైట్ క్వారీలు, ఇంకో పక్క వంశధార ఆయకట్టు, మధ్యలో పన్నెండు కిలోమీటర్ల రోడ్డు. అంకెలను కొంచెం గుండ్రం చేసి ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను.

ముందు ఆ రోడ్డు మీదికి వెళ్లి చూడండి. మేం వెళ్లేసరికి హైవే వైపు పోయే లేన్‌లో చక్రాలు నడిచే చోట రెండు గాళ్లు పడి ఉన్నాయి. తారు అంచువైపు ఉబ్బి, గాడి లోపల మొసలి చర్మంలా పగుళ్లు వచ్చాయి. క్వారీ వైపు పోయే లేన్ మాత్రం శుభ్రంగా ఉంది. రెండూ ఒకే రోజు వేసిన తారు, అడుగున మట్టీ ఒక్కటే. వెళ్లేటప్పుడు టిప్పర్ ఖాళీ, వచ్చేటప్పుడు నిండా రాయి. తేడా అంతా అక్కడే ఉంది. మీ రిపోర్టులో మందానికి అసలు కారణం కూడా అక్కడే దొరుకుతుంది.

చాలామంది ఏం చేస్తారంటే, వారం రోజుల ట్రాఫిక్ లెక్కలోంచి మూడు టన్నులు, అంతకు పైబడిన వాహనాలను తీసుకుని, ఐఆర్‌సీ 37 పట్టికలో ఉన్న వీడీఎఫ్ పెట్టేస్తారు. మైదాన ప్రాంతంలో రోజుకు 150 నుంచి 1500 వరకు కమర్షియల్ వాహనాలుంటే ఆ విలువ 3.9. యాక్సిల్ లోడ్ సర్వే చేయలేని చిన్న పనులకు ఇచ్చిన అంకె అది. క్వారీ రోడ్డుకు దాన్ని పెట్టి మందం తేలిస్తే పైఆఫీసు అడగడం న్యాయమే.

వీడీఎఫ్ అంటే ఒక సగటు వాహనం రోడ్డుకు చేసే నష్టం 80 కిలోన్యూటన్ల ప్రామాణిక యాక్సిల్‌తో పోలిస్తే ఎన్ని రెట్లో చెప్పే అంకె. బరువు పెరిగితే నష్టం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పది టైర్ల టిప్పర్‌కు ముందు ఒంటి చక్రాల యాక్సిల్ ఒకటి, వెనక జంట యాక్సిల్, అంటే టాండెమ్, ఒకటి. కిలోన్యూటన్లలో ముందుదాని బరువును 65తో, టాండెమ్ బరువును 148తో భాగించి నాలుగో ఘాతం కట్టాలి. మేం తూచిన ఒక లోడు టిప్పర్, అదే రకం ఖాళీ టిప్పర్ ఇవీ:

```
లోడుతో : (75/65)^4 + (260/148)^4 = 1.8 + 9.5  = 11.3
ఖాళీగా : (45/65)^4 + (65/148)^4  = 0.23 + 0.04 = 0.27
```

అంటే ఒక లోడు టిప్పర్ రోడ్డుకు చేసే నష్టం నలభై ఖాళీ టిప్పర్లు చేసే నష్టంతో సమానం. అందుకే రెండు వైపుల వాహనాలనూ కలిపి సగటు తీయకూడదు. రెండు వైపులా యాక్సిల్ బరువుల్లో గట్టి తేడా ఉంటే ఏ వైపుకు ఆ వైపు వీడీఎఫ్ కట్టి, ఎక్కువ వచ్చినదాన్ని డిజైన్‌కు వాడమని ఐఆర్‌సీ 37 కూడా చెబుతుంది. మా రోడ్డు మీద కమర్షియల్ వాహనాల్లో సగం టిప్పర్లు. మిగతా సగం బస్సులు, ధాన్యం లారీలు, ఇతర సరుకు బళ్లు. వాటి సగటు హైవే వైపు 3.1, క్వారీ వైపు 2.9. టిప్పర్లతో కలిపితే హైవే వైపు వీడీఎఫ్ 7.2, క్వారీ వైపు 1.6 వచ్చింది. రెండూ కలిపి సగటు తీస్తే 4.4. పట్టికలోని 3.9కి దగ్గరగా ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రోడ్డును పాడుచేసేది ఈ సగటే.

ఇప్పుడు డిజైన్ ట్రాఫిక్. రోజుకు రెండు వైపులా 400 కమర్షియల్ వాహనాలు, పని పూర్తయ్యేసరికి రెండేళ్లు, పెరుగుదల ఏటా 5 శాతం, డిజైన్ కాలం 15 ఏళ్లు. రెండు లేన్ల రోడ్డు కాబట్టి ఒక లేన్‌కు సగం. కింద A అంటే పని పూర్తయ్యేనాటికి రోజువారీ వాహనాలు, F అంటే వీడీఎఫ్, N అంటే డిజైన్ కాలమంతా ఆ లేన్ మీద నడిచే ప్రామాణిక యాక్సిళ్లు. ఒక ఎంఎస్ఏ (msa) అంటే పది లక్షల యాక్సిళ్లు.

```
A = 400 × 1.05^2 = 441
N = 365 × [(1.05^15 − 1)/0.05] × 441 × 0.5 × F
F = 3.9 అయితే N = 6.8 msa
F = 7.2 అయితే N = 12.5 msa
```

మీ జస్టిఫికేషన్‌లో సగం ఈ చివరి రెండు వరసల్లోనే ఉంది. రెండూ పక్కపక్కనే పెట్టి, రెండోది ఎందుకు తీసుకున్నారో రాయండి. యాక్సిల్ బరువుల పట్టికను అనుబంధంగా జత చేయండి.

అయితే ఆ 7.2ను నమ్మాలంటే సర్వే సరిగ్గా జరగాలి. రోజుకు మూడు వేల లోపు కమర్షియల్ వాహనాలుంటే కనీసం 20 శాతం తూచాలి. రోడ్డు పక్కన ప్యాడ్లు వేశారని తెలియగానే డ్రైవర్లు ఒకరికొకరు ఫోన్ చేసుకుంటారు. ఓవర్‌లోడ్ బళ్లన్నీ దాబా దగ్గర ఆగిపోతాయి. మీ ప్యాడ్ మీదికి వచ్చేవి బుద్ధిగా లోడు వేసుకున్నవే. ఇది కనిపెట్టడానికి ఒక దారి ఉంది. తూచిన గంటల్లో ఎన్ని టిప్పర్లు వచ్చాయో చూసి, వారం రోజుల లెక్కలో అవే గంటల్లో వచ్చిన సంఖ్యతో పోల్చండి. సగానికి పడిపోయి ఉంటే ఆ తూకం పనికిరాదు. చెప్పాపెట్టకుండా ఇంకో రోజు, రాత్రి వేళ తూచాలి. ట్రాఫిక్ లెక్క కూడా 24 గంటలదే కావాలి. పన్నెండు గంటలు లెక్కపెట్టి గుణకం వేసేస్తే రాత్రి నడిచే టిప్పర్లు లెక్కలోకే రావు. వానాకాలంలో క్వారీ పని తగ్గిపోతుంది కాబట్టి ఏ నెలలో లెక్కించారో కూడా రిపోర్టులో రాయాలి.

ఇక మట్టి. పన్నెండు కిలోమీటర్లకూ కలిపి ఒకే సీబీఆర్ ఇచ్చి ఉంటే అదీ ప్రశ్నకు దారితీస్తుంది. మా రోడ్డులో క్వారీ వైపు ఎర్రమట్టికి నానబెట్టిన సీబీఆర్ 9 దాకా వచ్చింది. ఆయకట్టు పొలాల మధ్య బంకమట్టికి 3. ఎండాకాలంలో అదే బంకమట్టిలో గొయ్యి తవ్వితే గునపం దిగలేదు. పక్కనున్న ఏఈ గారు "ఇంత గట్టి నేలకు మూడేంటండీ" అన్నారు. కాలువకు నీళ్లు వదిలాక అదే చోట మట్టి వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. నాలుగు రోజులు నానబెట్టి పరీక్షించేది అందుకే. మే నెలలో అక్కడికక్కడ చేసిన పరీక్ష ఎంత బాగా వచ్చినా దాన్ని డిజైన్‌కు పెట్టకండి. రోడ్డును మట్టి రకాన్ని బట్టి భాగాలు చేసి, ఒక్కో భాగానికి విడిగా సీబీఆర్ చూపండి.

బంకమట్టి భాగంలో పై 500 మిల్లీమీటర్లకు బయటి నుంచి 10 సీబీఆర్ ఉన్న గ్రావెల్ మట్టి తెచ్చి వేద్దామనుకున్నాం. అలాంటప్పుడు డిజైన్ సీబీఆర్ 10 అని రాసేస్తారు కొందరు. అది చెల్లదు. చక్రం బరువు ఆ అర మీటరు దాటి కింది బంకమట్టికీ చేరుతుంది. రెండు పొరలనూ ఐఐటీపేవ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, 40 కిలోన్యూటన్ల చక్రం కింద పైభాగం ఎంత కుంగుతుందో చూసి, అంతే కుంగే ఒకే పొర మాడ్యులస్ కట్టాలి. మాకు ఎఫెక్టివ్ సీబీఆర్ 6, 7 మధ్య వచ్చింది. 6 తీసుకున్నాం. దానికి సబ్‌గ్రేడ్ మాడ్యులస్ 17.6 × 6^0.64, అంటే 55 మెగాపాస్కల్స్.

ట్రాఫిక్, మట్టి తేలాక మందం దాదాపు తనంతట తానే వస్తుంది. కంకర పొరల్లో కింద జీఎస్‌బీ 200, దాని పైన డబ్ల్యూఎంఎం 250 మిల్లీమీటర్లు తీసుకున్నాం. జీఎస్‌బీలో సగం వడపోతకు, సగం నీరు బయటికి పోవడానికి. ఆయకట్టులో ఆ పొరను గట్టు అంచు దాకా తీసుకెళ్లకపోతే నీరు లోపలే నిలిచిపోతుంది, అప్పుడు 6 సీబీఆర్ కూడా మిగలదు. ఈ 450 మిల్లీమీటర్ల కంకర పొరల మాడ్యులస్ 0.2 × 450^0.45 × 55.4, అంటే 173 మెగాపాస్కల్స్.

తర్వాత హద్దులు. 12.5 ఎంఎస్ఏకి, 80 శాతం విశ్వసనీయతతో, సబ్‌గ్రేడ్ పైన నిలువు స్ట్రెయిన్ 641 మైక్రోస్ట్రెయిన్ దాటకూడదు. వీజీ 30 తారుతో, మేం పెట్టుకున్న మిక్స్‌కు, తారు పొర అడుగున సాగుడు స్ట్రెయిన్ సుమారు 308 దాటకూడదు. అదే 6.8 ఎంఎస్ఏ అయితే ఈ హద్దులు 733, 360. ట్రాఫిక్ అంకె మందాన్ని ఎలా మారుస్తుందో రిపోర్టు చదివేవాళ్లకు ఇక్కడ కళ్లకు కడుతుంది.

మొదటి ట్రయల్‌గా తారు పొరల్లో కింద డీబీఎం 50, పైన బీసీ 30 మిల్లీమీటర్లు పెడితే తారు అడుగు స్ట్రెయిన్ హద్దు దాటిపోయింది. ఖర్చు తగ్గుతుందని జీఎస్‌బీ పెంచమన్నారు ఆఫీసులో ఒకరు. ఇంకో 100 మిల్లీమీటర్లు వేసినా కంకర పొరల మాడ్యులస్ 173 నుంచి 190కే పెరుగుతుంది, తొమ్మిది శాతం. గాళ్లు పడకుండా అది కొంత కాస్తుంది గానీ, తారు అడుగున మొదలయ్యే పగుళ్లకు పెద్దగా పనికిరాదు. తారు పొరనే పెంచాలి. డీబీఎం 90, బీసీ 40 పెట్టాక రెండు హద్దులూ కుదిరాయి. మీ మిక్స్‌లో గాలి శాతం, తారు శాతం వేరుగా ఉంటాయి కాబట్టి ఈ అంకెలు దించుకోకుండా మీరే రన్ చేయండి. తప్పిన ట్రయల్స్ కూడా రిపోర్టులో ఉంచండి. ఏ పొర పెంచితే ఏ స్ట్రెయిన్ ఎంత తగ్గిందో ఒక చిన్న పట్టికలో చూపితే, ఆ మందం ఎందుకన్న ప్రశ్నకు నేరుగా జవాబు అదే.

ఎర్రమట్టి భాగానికి సీబీఆర్ ఎక్కువ కాబట్టి పొరల మందం కొంత తగ్గించే వీలుంటుంది. అయితే ఏ పొరా ఐఆర్‌సీ పెట్టిన కనీస మందం కంటే తగ్గకూడదు. మా రోడ్డులో ఎర్రమట్టి భాగం ముక్కలు ముక్కలుగా రావడంతో, కిలోమీటరుకోసారి మందం మారిస్తే కాంట్రాక్టర్‌కూ కష్టం, చెకింగ్‌కూ కష్టమని అంతటా ఒకే మందం ఉంచి, ఆ కారణం ఒక వాక్యంలో రాశాం. మీ దగ్గర ఎర్రమట్టి ఒకే వరసలో నాలుగైదు కిలోమీటర్లుంటే విడగొట్టి రెండు సెక్షన్లు ఇవ్వండి. తిరిగి పంపేటప్పుడు ముందు పేజీలో మూడే అంకెలు ఉంచండి: హైవే వైపు వీడీఎఫ్, ఎంఎస్ఏ, భాగాలవారీగా ఎఫెక్టివ్ సీబీఆర్. ఒక్కో దాని పక్కన అది ఏ అనుబంధంలో ఏ పేజీ నుంచి వచ్చిందో రాయండి.