మల్టీసిగ్‌లో మూడు సీడ్‌లతో పాటు దాచాల్సిన నాలుగో కాగితం

ప్రశ్న: మాది వైజాగ్. పెద్ద మొత్తంలోనే బిట్‌కాయిన్ ఉంది, కనీసం పదేళ్లు కదిపే ఉద్దేశం లేదు. ఒక్క హార్డ్‌వేర్ వాలెట్ సరిపోతుందా, మల్టీసిగ్ పెట్టుకోవాలా? మా ఆవిడకి ఇవేవీ పెద్దగా తెలియవు.

జవాబు:

మూడింట రెండు మల్టీసిగ్ పెట్టుకోండి. కానీ అసలు సొమ్ము అందులోకి పంపేముందు, అన్నీ పోయాయనుకుని ఒకసారి రిస్టోర్ చేసి చూడాలి. అంత ఓపిక లేదనుకుంటే మాత్రం ఒకే పరికరం, స్టీలు పలక మీద కొట్టిన 24 మాటలు, అదే మీకు క్షేమం. సగం అర్థమైన మల్టీసిగ్ కన్నా అది ఎంతో నయం. (ఇదంతా బిట్‌కాయిన్ గురించే. ఈథర్‌లో మల్టీసిగ్ అంటే స్మార్ట్ కాంట్రాక్ట్, దాని లెక్క వేరు.)

ఒకే పరికరంతో ఇబ్బంది పరికరంలో లేదండీ. అది కాలిపోయినా 24 మాటలుంటే ఇంకోటి కొని తెరుచుకోవచ్చు. ఇబ్బందంతా ఆ మాటలతోనే. అవి ఎవరి కంట పడితే డబ్బు వాళ్లదే. ఒకే ప్రతి పెడితే పోతుందేమోనని భయం, రెండు పెడితే దొరుకుతుందేమోనని భయం. దీనికి విరుగుడుగా చాలామంది ఆ మాటలకి తాము ఎంచుకున్న పాస్‌ఫ్రేజ్ ఒకటి కలుపుతారు. మంచిదే, కానీ అందులో ఒక్క అక్షరం తేడా వచ్చినా పరికరం తప్పని చెప్పదు. మరో వాలెట్ తెరిచి ఖాళీగా చూపిస్తుంది. చివర్లో ఒక స్పేస్ పడినా అంతే. అందుకే పాస్‌ఫ్రేజ్ కొట్టాక వచ్చే ఎనిమిది అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ని రాసి పెట్టుకోవాలి, సరైన వాలెట్టే తెరిచామని దాన్ని బట్టే తెలుస్తుంది. ఇక పాస్‌ఫ్రేజ్‌ని ఎక్కడా రాయకుండా తలలోనే ఉంచుకుంటే, మీకేమైనా అయితే మీ ఆవిడకి దక్కేది ఏమీ ఉండదు.

మల్టీసిగ్‌లో మూడు పరికరాలు, మూడు సీడ్‌లు, అంటే ఒక్కో పరికరానికి దాని 24 మాటలు. ఖర్చు పెట్టాలంటే ఏవైనా రెండు సంతకం చేయాలి. ఒకటి దొంగ చేతికి చిక్కినా, ఒకటి వరదలో పోయినా సొమ్ము భద్రం. ఇంతవరకు అందరికీ తెలుసు. పొరపాటు జరిగేది దీని తర్వాత.

మీ మల్టీసిగ్ అడ్రస్ bc1q తో మొదలై 62 అక్షరాలుంటుంది. మూడు పబ్లిక్ కీలూ కలిసిన ఒక స్క్రిప్ట్‌కి అది హాష్. ఖర్చు పెట్టేటప్పుడు ఆ స్క్రిప్ట్ మొత్తాన్ని చూపించాలి, అంటే సంతకం చేయని మూడో కీ తాలూకు పబ్లిక్ కీ కూడా కావాలి. కాబట్టి చేతిలో రెండు సీడ్‌లే ఉండి మూడోదాని పబ్లిక్ కీలన్నీ పుట్టించే xpub లేకపోతే సంతకం సంగతి అటుంచి, మీ డబ్బు ఏ అడ్రస్‌లో ఉందో కూడా కనుక్కోలేరు. ఈ సమాచారమంతా ఉండేది డిస్క్రిప్టర్‌లో, దాచాల్సిన నాలుగో కాగితం అదే:

```
wsh(sortedmulti(2,
[a1b2c3d4/48h/0h/0h/2h]xpub.../<0;1>/*,
[e5f60718/48h/0h/0h/2h]xpub.../<0;1>/*,
[92a3b4c5/48h/0h/0h/2h]xpub.../<0;1>/*))#xxxxxxxx
```

నిజంగా అది ఒకే లైనులో ఉంటుంది, చదవడానికి వీలుగా విడగొట్టాను. # తర్వాతి ఎనిమిది అక్షరాలు చెక్‌సమ్, ఎక్కడైనా అక్షరం మారితే దాన్ని బట్టి ప్రోగ్రాం పట్టేస్తుంది. ఒక్కో xpub 111 అక్షరాలు, చేత్తో రాయకండి. క్యూఆర్‌తో సహా లేజర్ ప్రింటు తీయండి. మన తేమలో ఇంక్‌జెట్ అక్షరం చెదిరిపోతుంది.

ఉదాహరణకి ఒక సీడ్ ఎంవీపీ కాలనీలో మీ ఇంట్లో, ఒకటి ద్వారకానగర్‌లో బ్యాంకు లాకర్లో, మూడోది హైదరాబాద్‌లో మీ చెల్లెలి దగ్గర ఉందనుకుందాం. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ లాంటి తుఫాను ఇంటిని ముంచింది. లాకరూ హైదరాబాదూ మిగిలాయి, రెండు సీడ్‌లు చేతికొచ్చాయి. డిస్క్రిప్టర్ ఇంట్లో లాప్‌టాప్‌లో మాత్రమే ఉంటే ఇక దారి లేదు. అదే మూడు చోట్లా సీడ్ పక్కన ఒక్కో ప్రతి ఉండి ఉంటే, రెండు పరికరాలు కొన్న రోజే సొమ్ము చేతికొస్తుంది. డిస్క్రిప్టర్ చూసినవాళ్లకి మీ దగ్గర ఎంతుందో తెలుస్తుంది కానీ ఒక్క పైసా తీయలేరు. ఆ గుట్టు బయటపడే ప్రమాదం ఉన్నా సరే, మూడు చోట్లా పెట్టమనే అంటాను.

కట్టుకునే పద్ధతి ఇదీ. పరికరాలు కనీసం రెండు వేర్వేరు కంపెనీలవి తీసుకోండి. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడంలో ఒక కంపెనీ లోపం చేస్తే, మూడూ ఆ కంపెనీవే అయినప్పుడు మూడు సీడ్‌లూ ఒకేసారి బలహీనమవుతాయి. పాచికలతో సీడ్ చేసుకునే సదుపాయం ఉన్న పరికరంలో 99 సార్లు వేస్తే 24 మాటలకు సరిపడా యాదృచ్ఛికత వస్తుంది. కంప్యూటర్‌లో నడిచే స్పారో అనే వాలెట్ ప్రోగ్రాంలో కొత్త వాలెట్ తెరిచి `Policy Type` దగ్గర `Multi Signature` పెట్టి, 2/3 ఎంచుకుని, `Native Segwit (P2WSH)` ఉందో లేదో చూసి, మూడు పరికరాల xpubలు ఒక్కొక్కటిగా ఎక్కించండి. తర్వాత ఈ మల్టీసిగ్ వివరాలను, వీలున్న ప్రతి పరికరంలోనూ నమోదు చేయండి. ఈ మెట్టు దాటేయకండి. నమోదు లేకపోతే, తిరిగొచ్చే చిల్లర అడ్రస్ మీదేనో కాదో పరికరం తేల్చుకోలేదు, వైరస్ పట్టిన కంప్యూటర్ దాన్ని తనవైపు మళ్లించుకోగలదు. మొదటి అడ్రస్‌ని పరికరం తెర మీదా స్పారోలోనూ అక్షరం అక్షరం కలిపి చూసుకోండి.

ఇప్పుడు రిహార్సల్. ఒక చిన్న మొత్తం, ఒక లక్ష సతోషీలు పంపండి. స్పారోలోని వాలెట్ ఫైలు తీసేయండి. పరికరాలన్నీ రీసెట్ చేయండి. పలకల మీది మాటలతో పరికరాలను, ప్రింటులోని డిస్క్రిప్టర్‌తో వాలెట్‌ను మళ్లీ నిలబెట్టండి. మూడు ఫింగర్‌ప్రింట్లూ డిస్క్రిప్టర్‌లోని వాటితో కలిసి, బ్యాలెన్సు కనబడితే సగం పని అయినట్టే. అప్పుడు ఒకటీ రెండూ, రెండూ మూడూ, ఒకటీ మూడూ, ఇలా మూడు జతలతోనూ చిన్న చిన్న లావాదేవీలు పంపండి. ఒక్క జతతో చేసి వదిలేస్తే, మూడో పలకలో మాట తప్పు పడినా మీకు తెలిసేది అవసరం పడిన రోజే.

పలకలు 316 రకం స్టీలువి తీసుకోండి. సముద్రపు గాలికి మామూలు 304 స్టీలు మీద తుప్పు మచ్చలు వస్తాయి. లాకర్ మీ ఆవిడ పేరుతో కలిపి తీసుకుని, నామినీ కూడా రాయించండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం దొంగతనానికి, అగ్నిప్రమాదానికి బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే, ప్రకృతి వైపరీత్యాలకైతే అదీ లేదు. అందుకే లాకర్‌ని మూడింట ఒక చోటుగానే లెక్కపెట్టండి.

ఆవిడ కోసం ఒక ఉత్తరం రాయండి. అందులో ఏ పలక ఎక్కడుందో, ఏ ప్రోగ్రాంలో తెరవాలో, నమ్మకంగా ఎవరిని అడగాలో ఉండాలి. సీడ్ మాటలు మాత్రం ఉండకూడదు. ఆ ఉత్తరం చూసి ఆవిడే ఒకసారి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా, ఆ లక్ష సతోషీల నుంచి కొంత మీకు పంపాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ ఉత్తరం సరిదిద్దండి. ఆవిడ చివరిదాకా వెళ్లగలిగాకే పెద్ద మొత్తం పంపండి.