మూడు నుంచి ఐదేళ్ళ అనుభవం అడిగిన ఆ మెయిల్‌కి జవాబు

చిరంజీవి చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫార్వర్డ్ చేసిన మెయిలూ, దానికి నువ్వు రాసి పెట్టుకున్న జవాబూ రెండూ చదివాను. "దయచేసి ప్రొఫైల్ చదివి మెసేజ్ చేయండి" అని రాశావు. ఇంకా పంపలేదు కదా, అది తీసెయ్. తొమ్మిదేళ్ళు టెస్టింగ్‌లో పనిచేసి, మూడేళ్ళుగా ఆరుగురి టీమ్‌ని నడుపుతున్న నీకు "ఆటోమేషన్ టెస్ట్ ఇంజినీర్, 3–5 ఏళ్ళు" అని మెయిల్ వస్తే మనసు చివుక్కుమంటుంది. కాదనను. కానీ నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆ మెయిళ్ళు పంపే వైపు కూర్చున్నదాన్ని. అవి ఎలా బయల్దేరతాయో తెలిస్తే నీ జవాబు దానంతట అదే మారుతుంది.

ముందు నీ వైపు ఒకటి చూసుకో. జాబ్ పోర్టల్‌లో నువ్వు నింపిన అనుభవం అంకె వేరు, దానికి అటాచ్ చేసిన రెజ్యూమె వేరు. అంకె మార్చి రెజ్యూమె మార్చడం మర్చిపోయేవాళ్ళు చాలామంది. పైగా ఒకసారి ఏదైనా కన్సల్టెన్సీకి రెజ్యూమె పంపితే అది వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. ఐదేళ్ళ తర్వాత కూడా అదే తీసి చూస్తారు. నీకొచ్చిన మెయిల్‌లో రెండో లైన్ మళ్ళీ చదువు. నువ్వు మొదటి కంపెనీలో వాడి ఎప్పుడో వదిలేసిన టూల్ పేరు అక్కడ ఉంది. అంటే ఆ మెయిల్ పంపిన రిక్రూటర్ అమ్మాయి చూసింది నీ పాత రెజ్యూమెనే. ఆమె నిన్ను తక్కువ చేయలేదు, నాలుగేళ్ళ అనుభవం ఉన్నప్పటి నిన్ను చూసి రాసింది.

ఇంకోటి, హోదా పేరు చూసి తేల్చెయ్యకు. సర్వీస్ కంపెనీలో లీడ్ అనిపించుకున్నవాళ్ళని ప్రొడక్ట్ కంపెనీలో సీనియర్ ఇంజినీర్ అనే అంటారు. విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో అయితే పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు కూడా వైస్ ప్రెసిడెంట్లే. కాబట్టి పేరు కాదు, ఎన్నేళ్ళు అడిగారు, ఎవరికి రిపోర్ట్ చేయాలి, కింద ఎవరైనా ఉంటారా అన్నవి చూడాలి. నీ మెయిల్‌లో ఒక తిరకాసు ఉంది. అనుభవం 3–5 అన్నారు, కింద బాధ్యతల్లో మాత్రం "ఫ్రేమ్‌వర్క్ మొదటి నుంచి కట్టాలి, జూనియర్లకు నేర్పాలి" అని ఉంది. నాలుగేళ్ళవాళ్ళ మీద మామూలుగా ఆ రెండూ పెట్టరు. మేనేజర్‌కి కావలసింది ఒకటి, ఆయనకి మంజూరైన గ్రేడ్ ఇంకొకటి అయినప్పుడు జాబ్ డిస్క్రిప్షన్ ఇలా వస్తుంది. అందుకే కాదని చెప్పే ముందు ఒక ప్రశ్న అడగడం దండగ కాదు.

జవాబు ఏడెనిమిది వాక్యాలు దాటనివ్వకు. ఇంగ్లీషులో నీ మాటల్లో రాసుకో, భావం మాత్రం ఇలా ఉండాలి:

"ఈ అవకాశం గురించి రాసినందుకు థాంక్స్. ఒక విషయం స్పష్టం చేసుకుందామని రాస్తున్నాను. మీ మెయిల్‌లో 3 నుంచి 5 ఏళ్ళ అనుభవం అని ఉంది. నాకు టెస్టింగ్‌లో 9 ఏళ్ళు, అందులో గత 3 ఏళ్ళు ఆరుగురి టీమ్‌కి లీడ్‌గా. మీ దగ్గర నా పాత రెజ్యూమె ఉండి ఉండవచ్చు. ఈ పొజిషన్ ఏ గ్రేడ్‌లో ఓపెన్ అయిందో, పై గ్రేడ్‌కి అవకాశం ఉందో లేదో చెప్పగలరా? లేకపోతే ఇది నాకు సరిపోదు, కానీ హైదరాబాద్‌లో లీడ్ స్థాయి పొజిషన్లు వస్తే తప్పకుండా మాట్లాడతాను."

ఇందులో "నా స్థాయికి తగదు" అన్న మాట లేదు చూశావా? మీరు అడిగింది ఇంత, నాకున్నది ఇంత అని రెండు అంకెలు పక్కపక్కన పెడితే చాలు, తేడా వాళ్ళకే కనిపిస్తుంది. ఆ మెయిల్ రాసిన అమ్మాయికే మూడేళ్ళ అనుభవం ఉండొచ్చు. "ఇంత జూనియర్ పనా" అన్న మాట ఆమెకి ఎలా తగులుతుందో ఆలోచించు.

"గ్రేడ్" అన్న మాట మాత్రం వదలకు. కంపెనీలో ఖాళీకి అనుమతి వచ్చేటప్పుడే గ్రేడూ దాని జీతం పరిమితీ ఖాయమైపోతాయి. రిక్రూటర్ దాన్ని మార్చలేదు. మేనేజర్ మళ్ళీ అనుమతి తెచ్చుకుంటేనే మారుతుంది. కాబట్టి "ఫ్లెక్సిబుల్ అండీ, లోపలికి వచ్చాక డిజిగ్నేషన్ చూసుకుందాం" అని ఫోన్‌లో చెప్తే నమ్మకు. "పై గ్రేడ్‌కి అనుమతి వచ్చాక మాట్లాడదామండీ, మెయిల్‌లో చెప్పండి" అను. చేరాక ప్రమోషన్ ఇస్తారన్న మాట మీద చేరి, రెండేళ్ళు అక్కడే ఆగిపోయినవాళ్ళు నా ఎదురుగా కూర్చుని బాధపడ్డారు.

ఈ విషయం తేలేదాకా కొత్త రెజ్యూమె పంపకు. "ప్రొఫైల్ సబ్మిట్ చేయమంటారా" అంటే ఊఁ కొట్టకు. కన్సల్టెన్సీ ద్వారా నీ పేరు కంపెనీకి వెళ్ళిందంటే కొన్ని చోట్ల ఆరు నెలల దాకా అది ఆ కన్సల్టెన్సీ పేరు మీదే ఉంటుంది. ఈలోగా అదే కంపెనీలో నీకు తగిన లీడ్ పొజిషన్ వచ్చి, నీ ఫ్రెండ్ రిఫర్ చేసినా "ఈ ప్రొఫైల్ ఆల్రెడీ ఉంది" అంటారు.

జీతం సంగతి. ప్రస్తుత సీటీసీ, ఆశించేది, నోటీస్ పీరియడ్ అని మూడూ అడుగుతారు. నోటీస్ పీరియడ్ చెప్పు, దాచేదేం లేదు. జీతం అంకె ముందే చెప్తే తేడా త్వరగా తేలిపోతుందని కొందరంటారు. నాకు అది నచ్చదు. అంకె బయటపడగానే గ్రేడ్ గురించిన మాట బేరంలోకి దిగుతుంది, ఆ జూనియర్ గ్రేడ్‌లోనే పై పరిమితి ఇస్తామంటారు. గ్రేడ్ తేలాక చెప్తానని మర్యాదగా అను.

నా దగ్గర ఒకే వారంలో ఒకే పొజిషన్‌కి ఇద్దరు ఇలాగే కాదన్నారు. ఒకాయన నువ్వు రాసుకున్నలాంటి జవాబే పంపాడు. ఇంకొకావిడ మూడు లైన్లు రాసింది, తన ఏళ్ళు ఎన్ని, తనకేం కావాలి అని. మా రిమార్క్స్ కాలమ్‌లో ఆవిడ పేరు పక్కన "లీడ్ రోల్ ఉంటే కాల్ చేయాలి" అని నేనే టైప్ చేశాను. అదే ప్రాజెక్టులో లీడ్ పోస్ట్ పడినప్పుడు ఆ కాలమ్ వెతికితే ఆవిడ నంబరే ముందు దొరికింది.

నీ టీమ్‌లోని నాలుగేళ్ళ అబ్బాయికి ఈ పని సరిపోతుందన్నావు. అతన్ని అడగకుండా నంబర్ ఇవ్వకు. "తెలిసినవాళ్ళని అడిగి చెప్తాను" అని చివర్లో ఒక వాక్యం కలుపు, చాలు.

ముందు పోర్టల్‌లో పాత రెజ్యూమె తీసేసి కొత్తది పెట్టు, ఆ తర్వాతే మెయిల్ పంపు. నీ జవాబు చూసి ఆమె వెంటనే నీ ప్రొఫైల్ తెరుస్తుంది, అప్పటికి అక్కడ తొమ్మిదేళ్ళు కనిపించాలి. వాళ్ళు గ్రేడ్ గురించి ఏం రాశారో నాకూ పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ప్రేమతో,
పెద్దమ్మ