విశ్రాంతి రోజు తీసేస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

*ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితులం. అందరికీ ట్రెక్కింగ్ ఇష్టమే కానీ ఇద్దరికి అనుభవం తక్కువ. కొండ ప్రాంతంలో ఒకే చోట తొమ్మిది రాత్రులు బస చేసి, రోజుకో దారిలో నడిచి రావాలనుకుంటున్నాం. ఆరు నడకలు, మధ్యలో రెండు విశ్రాంతి రోజులు వేసుకున్నాం. ఆ రెండు రోజులూ తీసేస్తే ఖర్చు బాగా తగ్గుతుందని ఒకరు పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?*

విశ్రాంతి రోజులను ఉంచండి. ఖర్చు తగ్గించుకునే దారి మీ ప్రణాళికలోనే వేరే చోట ఉంది.

లెక్క తేలికగా ఉండటానికి, ఒక మనిషికి ఒక రాత్రి బసా తిండీ కలిపి ఒక యూనిట్ అనుకుందాం. ఆరుగురికి తొమ్మిది రాత్రులంటే 54 యూనిట్లు. నడక మొదలయ్యే చోటికి తీసుకెళ్లి తెచ్చే వాహనం, గైడు కలిపి రోజుకు మొత్తం బృందానికి 3 యూనిట్లు అనుకుంటే, ఆరు నడకలకు 18. అంతా కలిపి 72. రెండు విశ్రాంతి రోజులు తీసేస్తే మిగిలేది 12, అంటే ఆరో వంతు. చిన్న మొత్తమేమీ కాదు, మీ స్నేహితుడు పట్టుబట్టడంలో అర్థముంది. కానీ ఆరు నడకలకూ వాహనం, గైడు కావాలని మీరు ముందే అనుకున్నారు. అసలు చూడాల్సింది అక్కడే.

నడకలను కష్టాన్ని బట్టి వరుస పెడితే ఖర్చు కూడా దాని వెంటే నడుస్తుంది. స్విస్ ఆల్పైన్ క్లబ్ కొలమానంలో దారులకు టీ1 నుంచి టీ6 వరకు శ్రేణులుంటాయి. టీ1 అంటే గుర్తులు స్పష్టంగా ఉన్న మంచి బాట. టీ3కి వచ్చేసరికి బాట అంతటా కనిపించకపోవచ్చు, జారితే ప్రమాదమున్న చోట్లు వస్తాయి, అక్కడక్కడ చేతుల ఆసరా కావాలి. మీరు వెళ్లే చోట వేరే కొలమానం ఉండవచ్చు. ఏదైనా సరే, ఇలాంటి శ్రేణి నేల స్వభావాన్ని చెబుతుంది తప్ప ఎంత అలసిపోతారో చెప్పదు. టీ2 దారిలోనూ 1,400 మీటర్లు ఎక్కాల్సి రావచ్చు. అందుకే ప్రతి దారికీ శ్రేణి పక్కన ఎక్కే ఎత్తు, దిగే ఎత్తు, దూరం రాసుకోండి.

ఆ మూడు అంకెలతో సమయం లెక్కకట్టవచ్చు. ఆల్ప్స్ ప్రాంతంలో వాడే ఒక పద్ధతి ఇది: గంటకు 4 కిలోమీటర్ల నడక, 300 మీటర్ల ఎక్కడం, 500 మీటర్ల దిగడం. దూరానికి పట్టే సమయాన్ని, ఎత్తుపల్లాలకు పట్టే సమయాన్ని విడివిడిగా లెక్కించి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. 12 కిలోమీటర్లు నడుస్తూ 900 మీటర్లు ఎక్కి, అంతే దిగే దారిని చూడండి. దూరానికి 3 గంటలు. ఎక్కడానికి 3 గంటలు, దిగడానికి 1 గంట 48 నిమిషాలు, వెరసి 4 గంటల 48 నిమిషాలు. దానికి గంటన్నర కలిపితే 6 గంటల 18 నిమిషాలు. 1892లో విలియం నైస్మిత్ చెప్పిన పాత సూత్రంతో ఇదే దారి నాలుగు గంటలలోపు వస్తుంది, ఎందుకంటే అందులో నడక, ఎక్కడం ఇంతకన్నా వేగంగా సాగుతాయనుకుంటారు, దిగడానికి విడిగా సమయమూ లేదు. రెండింటిలోనూ ఆగే విరామాలు లేవు. అనుభవం తక్కువ ఉన్నవాళ్లు బృందంలో ఉన్నప్పుడు పెద్ద అంకెనే నమ్మి, దానిపైన గంటన్నర వేసుకోండి. నాలుగు గంటలని నమ్మి వాహనం మాట్లాడుకుంటే, అది వేచి ఉన్న ప్రతి గంటకూ మీరే చెల్లించాలి.

ఇప్పుడు రోజులు పేర్చుదాం. మొదటి రోజు చేరుకోవడం. రెండో రోజు బస గుమ్మం నుంచే మొదలయ్యే టీ1 దారి, 300 మీటర్లు ఎక్కితే చాలు. మూడో రోజు 600 మీటర్లు. నాలుగో రోజు విశ్రాంతి. ఐదో రోజు 500 మీటర్లు, ఆరో రోజు అన్నింటికన్నా కష్టమైనది, 1,000 మీటర్లు. ఏడో రోజు విశ్రాంతి. ఎనిమిదో రోజు 500 మీటర్లు, తొమ్మిదో రోజు మళ్లీ గుమ్మం నుంచే తేలిక నడక, పదో రోజు తిరుగు ప్రయాణం. రెండో రోజు, తొమ్మిదో రోజు వాహనమూ గైడూ అక్కర్లేదు. అక్కడే 6 యూనిట్లు మిగిలాయి. విశ్రాంతిని ముట్టుకోకుండానే మీ స్నేహితుడు కోరిన పొదుపులో సగం వచ్చింది.

ఆరో రోజు నడకకు అనుభవమున్న నలుగురే వెళ్లి, మిగతా ఇద్దరూ దగ్గరలోని తేలిక దారి పట్టడం మంచిది. అప్పుడు ఆ రోజు 3 యూనిట్లను నలుగురే పంచుకోవాలి, తలకు ముప్పావు యూనిట్. ఇది బయలుదేరే ముందే అందరూ ఒప్పుకోవాలి. డబ్బు ఇచ్చేశాం కదా అని శక్తికి మించిన నడకకు ఎవరూ వెళ్లకూడదు. ముందే కట్టిన సొమ్ము మనుషుల చేత ఇలాంటి పనులు చేయిస్తుంది, నాకు అన్నింటికన్నా భయం దాని గురించే.

విశ్రాంతి ఆ రెండు రోజుల్లోనే ఎందుకంటే, కాళ్లను ఎక్కువగా దెబ్బతీసేది దిగడం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాలి. ఆ నొప్పి అప్పుడే తెలియదు, సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. ఉదయం బస మెట్లు దిగేటప్పుడు గమనించండి. ఎవరైనా కమ్మీ పట్టుకుని పక్కకు తిరిగి ఒక్కో మెట్టూ దిగుతుంటే, ఆ రోజు నడకను ఒక మెట్టు తగ్గించాల్సిందే. కండరాల బిగువు కదులుతున్న కొద్దీ సడలుతుంది. మోకాలి కీలులో ఒకే చోట పొడిచినట్టు ఉండి, నడుస్తున్న కొద్దీ పెరిగితే అది వేరే సంగతి, అప్పుడు ఆగిపోవాలి.

ఈ రెండు రోజులనూ తేదీలకు కట్టేయకండి. ఆరో రోజు ఉరుముల వాన సూచన ఉంటే, ఆ రోజే విశ్రాంతి తీసుకుని కష్టమైన నడకను ఏడుకు జరపండి. గైడుతో మాట్లాడేటప్పుడు తేదీ ఒక రోజు జరిపితే అడ్వాన్స్ నిలుస్తుందా అన్నది ముందే అడిగి రాయించుకోండి. ఆ వెసులుబాటుకు కాస్త ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు. బసకు మాత్రం అలా ఎక్కువ చెల్లించనక్కర్లేదు, మీరు ఒకే చోట ఉంటారు కాబట్టి నడకలు అటూ ఇటూ మారినా గదులు మారవు.

మిగిలిన 6 యూనిట్లను వెంటనే పంచుకోకండి. అది సరిగ్గా ఆరుగురికి ఒక రాత్రి ఖర్చు. దారి మూసుకుపోయి తిరుగు ప్రయాణం ఒక రోజు ఆగితే అదే ఆదుకుంటుంది. ఉమ్మడి నిధిగా ఒకరి దగ్గర ఉంచి, ఇంటికి చేరాక పంచుకోండి.

ఒక్క చోట మాత్రం పొదుపు వద్దు, అది బీమా. పాలసీలో మినహాయింపుల భాగం తెరిచి మూడు విషయాలు వెతకండి: ఎంత ఎత్తు వరకు వర్తిస్తుంది, మీ ఆరో రోజు దారి శ్రేణి అందులో ఉందా, కొండ మీద నుంచి తరలించే ఖర్చు చికిత్స ఖర్చుతో పాటు ఉందా. చాలా పాలసీల్లో తరలింపుకు ముందు కంపెనీకి ఫోను చేసి అనుమతి తీసుకోవాలన్న షరతు ఉంటుంది, ఆ నంబరు ఆరుగురి దగ్గరా ఉండాలి. ప్రయాణం రద్దయితే వచ్చే పరిహారం పాలసీ కొన్న తర్వాత జరిగిన కారణాలకే వర్తిస్తుంది కాబట్టి, మొదటి అడ్వాన్స్ కట్టిన రోజే దాన్ని కొనండి.