ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్‌లోని వడ్డీ, ఇతర బకాయిలు సరైనవేనా?

"ఇంటి రుణం, ఫ్లోటింగ్ వడ్డీ 9 శాతం. 5న ఈఎంఐ కట్టాను, 20న ముగిస్తున్నాను. అసలు 6,00,000, వడ్డీ 4,500, పెనాల్టీ 1,180, ఇతర బకాయిలు 3,540 అని ఇచ్చారు. ఇవి సరైనవేనా?"

ముందుగా రుణ ఖాతా స్టేట్‌మెంట్ తీసుకుని, 5వ తేదీ ఈఎంఐ జమ అయిన తరువాత మిగిలిన అసలు 6,00,000 అవునో కాదో చూడండి. ఆ ఈఎంఐ జమ కాకముందే లెక్క తయారైతే అసలు ఎక్కువగా కనిపిస్తుంది.

వడ్డీ విషయంలో మీ అనుమానం సబబే. 15 రోజులకు 6,00,000 × 9% × 15 ÷ 365 ప్రకారం సుమారు 2,219 రూపాయలే రావాలి. 4,500 అనేది సరిగ్గా పూర్తి నెల వడ్డీ కనుక, 20వ తేదీ వరకే లెక్కించిన కొత్త స్టేట్‌మెంట్ అడగండి.

పెనాల్టీ 1,180 అంటే 1,000కి 18 శాతం జీఎస్టీ కలిపినట్లుంది. ఆలస్య చెల్లింపుపై బ్యాంకులు విధించే పీనల్ ఛార్జీలకు జీఎస్టీ వర్తించదని 2025 జనవరిలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. ఆ 1,000 కూడా ఏ ఈఎంఐ ఆలస్యానికి వేశారో తేదీతో సహా చూపించాలి. దానిపై మళ్లీ వడ్డీ వేయడాన్ని రిజర్వు బ్యాంకు అనుమతించదు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది 3,540. ఇది 3,000, జీఎస్టీ కలిసిన మొత్తంలా ఉంది. వ్యాపారేతర అవసరానికి వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రుణంపై ముందస్తు ముగింపు రుసుము వసూలు చేయకూడదు కాబట్టి, అదే వేరే పేరుతో వచ్చిందేమోనని, ఒప్పందంలోని ఏ నిబంధన కింద వేశారని ఈమెయిల్‌లో అడిగి, జవాబు వచ్చాకే చెల్లించండి.