దోమ పేగులోని బాక్టీరియాపై పరిశోధన చేయాలంటే ఏ చదువు?

ప్రశ్న: మైక్రోబయాలజీ ప్రధానాంశంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. దోమ పేగులో ఉండే కొన్ని బాక్టీరియాలు మలేరియా పరాన్నజీవిని ఎదగనివ్వవని తరగతిలో విన్నప్పటి నుంచి ఆ పరిశోధనలోకే వెళ్లాలని ఉంది. పీజీలో మైక్రోబయాలజీ కొనసాగించాలా, కీటకశాస్త్రానికి మారాలా? అక్కడ పని ఎలా ఉంటుంది?

జవాబు: మైక్రోబయాలజీలోనే కొనసాగండి, అయితే పీజీ ప్రాజెక్టును దోమలను పెంచే ఇన్‌సెక్టరీ ఉన్న ప్రయోగశాలలోనే చేయండి. ఇలా చెప్పడానికి కారణం పరాన్నజీవి జీవితచక్రంలోనే ఉంది. ఆడ అనాఫిలిస్ దోమ రోగి రక్తం పీల్చిన కొద్ది నిమిషాలకే అందులోని గామిటోసైట్లు బీజకణాలుగా మారుతాయి. ఫలదీకరణ జరిగి, దాదాపు ఒక రోజులో ఊకినీట్ అనే కదిలే రూపం తయారై పేగు గోడను దాటి, వెలుపలి వైపున ఊసిస్ట్‌గా స్థిరపడుతుంది. సరిగ్గా ఆ ఒక్క రోజులోనే, తాగిన రక్తంలోని పోషకాలతో పేగులోని బాక్టీరియా కూడా వందల రెట్లు పెరుగుతుంది. పరాన్నజీవుల సంఖ్య బాగా తగ్గిపోయేదీ ఈ దశలోనే కాబట్టి, ఆ తగ్గుదలలో బాక్టీరియా వాటా ఎంత అన్నదే ఈ రంగంలోని మూల ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు ఎలా వెతుకుతారో జాంబియాలోని అడవి దోమల్లో దొరికిన ఒక ఎంటెరోబాక్టర్ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని ఇచ్చిన దోమల్లో ప్లాస్మోడియం ఫాల్సిపారం దాదాపు ఎదగలేకపోయింది. బాక్టీరియాను చూసి మేల్కొన్న దోమ రోగనిరోధక వ్యవస్థే పరాన్నజీవిని కూడా చంపిందని అనుకోవడం సహజం. చాలా బాక్టీరియాల విషయంలో అది కొంతవరకు నిజం కూడా. కానీ ఇక్కడ దోమ ప్రమేయం లేకుండానే, ఊకినీట్ పేగు గోడను చేరకముందే అడ్డు పడుతోందని, అందుకు బాక్టీరియా విడుదల చేసే చురుకైన ఆక్సిజన్ రూపాలే కారణమని 2011లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అదే జాతి బాక్టీరియా అంతా ఇలా పనిచేస్తుందనుకోకండి; ఈ గుణం స్ట్రెయిన్‌ను బట్టి మారుతుంది.

ఇక పని విషయానికి వస్తే, మొదటి మెట్టు చక్కెర ద్రావణంలో యాంటీబయాటిక్ కలిపి ఇచ్చి పేగును వీలైనంత ఖాళీ చేయడం. ఇలా చేసిన దోమలకు సాధారణంగా పరాన్నజీవి ఎక్కువగా సోకుతుంది. కొత్తవారు ఇక్కడే తొందరపడి, బాక్టీరియా లేకపోవడమే కారణమని రాసేస్తారు. ఆ మందు దోమ శరీరం మీద వేరే ప్రభావమేమీ చూపలేదని ఎలా తెలుస్తుంది? అదే బాక్టీరియాను తిరిగి ఇచ్చి, సోకడం మళ్లీ తగ్గిందని చూపాలి. పేగును నూరి ఆగార్‌పై వేసినప్పుడు కాలనీలు రాకపోయినా, పెంపకానికి లొంగని బాక్టీరియా మిగిలి ఉండవచ్చు కాబట్టి 16ఎస్ జన్యువుకు పీసీఆర్ కూడా చేయాలి. మీ మైక్రోబయాలజీ అక్కరకొచ్చేది ఇక్కడే.

తర్వాత వారానికి కాస్త అటూ ఇటూగా పేగులను సూక్ష్మదర్శిని కింద కోసి తీసి, మెర్క్యూరోక్రోమ్ రంగు వేసి ఊసిస్ట్‌లను లెక్కిస్తారు. చేతికి నేర్పు రావడానికి నెలలు పడుతుంది. అంతకన్నా కష్టమైనది ఆ అంకెలను చదవడం. పది దోమల్లో 0, 0, 0, 0, 1, 1, 2, 3, 5, 68 వచ్చాయనుకోండి. సగటు 8, మధ్యగతం 1. ఒక్క దోమ సగటును ఇంత పైకి లాగింది. అందుకే ఇక్కడ సగటులను పోల్చే మామూలు టీ-పరీక్షకు బదులు మన్-విట్నీ వంటి ర్యాంకు పరీక్షలు వాడుతారు. సోకిన దోమల శాతాన్ని విడిగా చెబుతారు. పీజీలో ఐచ్ఛికం ఎంచుకునే అవకాశముంటే గణాంకశాస్త్రాన్నే తీసుకోమంటాను.

రసాయనశాస్త్రం ఇష్టమైతే అదీ ఒక దారే. స్పెయిన్‌లోని ఒక ప్రయోగశాలలో పెంచుతున్న దోమలకు పరాన్నజీవి సోకడం దానంతట అదే తగ్గిపోతే, కారణం వెతికినవారికి డెల్ఫ్టియా సురుహాటెన్సిస్ అనే బాక్టీరియా, అది స్రవించే హార్మేన్ అనే చిన్న అణువు దొరికాయి. ఇది 2023లో వెలువడింది. పాడైపోయిన ప్రయోగమని పక్కన పెట్టి ఉంటే అది బయటపడేదే కాదు.

ప్రయోగశాలను ఎంచుకునే ముందు, ఏ బాక్టీరియా ఇవ్వని కంట్రోల్ దోమల ఊసిస్ట్ లెక్కలను గత కొన్ని బ్యాచ్‌లకు చూపించమని మర్యాదగా అడగండి. లార్వాలు పెరిగిన నీటిని బట్టి కూడా పేగులోని బాక్టీరియా మారుతుంది కాబట్టి కొంత తేడా ఉండటం మామూలే. ఒక బ్యాచ్‌లో చాలా దోమలకు, మరో బ్యాచ్‌లో దాదాపు దేనికీ సోకలేదంటే మాత్రం, మీ రెండేళ్లలో ఎక్కువ భాగం ఆ తేడాను సరిచేయడానికే పోతుంది.