షాడో ప్రైస్ ఎంతవరకు చెల్లుతుంది?

ప్రశ్న: సార్, మేం రెండు రకాల వస్తువులు తయారుచేస్తాం. లాభం 40x + 30y. మెషిన్ గంటలు 2x + y ≤ 100, ఫిట్టింగ్ గంటలు x + 3y ≤ 150, రెండో రకానికి గిరాకీ y ≤ 45. స్ప్రెడ్‌షీట్‌లోని సాల్వర్ ఫిట్టింగ్ గంటకు షాడో ప్రైస్ 4 అని చూపించింది. అది చూసి గంటకు 3 చొప్పున ఇచ్చి 30 గంటలు అదనంగా పెట్టించాను. లాభం 120 పెరగాలి కదా, 50 దగ్గరే ఆగిపోయింది. సాల్వర్‌లో బగ్ ఉందా? దీన్ని చేత్తో సరిచూసుకునే దారి ఏమైనా ఉందా?

జవాబు: బగ్ ఏమీ లేదు. షాడో ప్రైస్ అంటే ఒక వనరు ఒక్క గంట పెరిగితే లాభం ఎంత పెరుగుతుందో ఆ అంకె. గంటకు 4 అన్నది 162.5 గంటల దాకా నిజం. అది దాటాక ఫిట్టింగ్ గంట విలువ సున్నా. మీరు పెట్టించిన 30 గంటల్లో మొదటి పన్నెండున్నరే పనికొచ్చాయి, మిగతా పదిహేడున్నర ఊరికే పోయాయి. 90 ఖర్చుపెట్టి 50 తెచ్చుకున్నారు. అంకెలు మార్చుకుని ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి, ఆ 162.5 ఎక్కడి నుంచి వచ్చిందో ఈసారి మొత్తం చేసి చూపిస్తాను. కాగితం, పెన్ను చాలు.

మీ సమస్యకు ఉత్తమ సమాధానం x = 30, y = 40, లాభం 2400. మెషిన్ గంటలూ ఫిట్టింగ్ గంటలూ పూర్తిగా అయిపోయాయి. గిరాకీలో మాత్రం 5 మిగిలింది. పరిమితిలో మిగిలినదాన్ని స్లాక్ అంటారు, ఈ మిగులును s3 అందాం. పరిమితులను తీర్చి సమాధానాన్ని నిర్ణయించే చరరాశుల జట్టు బేసిస్, మిగతావి సున్నాగా ఉంటాయి. ఇక్కడ బేసిస్‌లో ఉన్నవి x, y, s3. మూడు పరిమితుల్లో ఈ మూడింటి గుణకాలను కాలమ్స్‌గా రాస్తే B వస్తుంది, దాని పక్కన ఇన్వర్స్:

```
      x   y   s3
B = [ 2   1   0 ]    B⁻¹ = [  0.6  -0.2   0 ]
    [ 1   3   0 ]          [ -0.2   0.4   0 ]
    [ 0   1   1 ]          [  0.2  -0.4   1 ]
```

ఇన్వర్స్ అనగానే భయపడక్కర్లేదు. పై ఎడమ మూలలోని 2×2 ముక్క డిటర్మినెంట్ 5. 2, 3ల స్థానాలు మార్చి, రెండు 1లకూ మైనస్ పెట్టి, 5తో భాగిస్తే మొదటి రెండు వరుసలూ వచ్చేస్తాయి. s3 అంటే 45 − y కాబట్టి మూడో వరుస y వరుసకు గుర్తు తిరగేసినదే, చివర 1 చేరుతుంది. సింప్లెక్స్ చేత్తో చేసి ఉంటే ఈ పని కూడా ఉండదు: చివరి పట్టికలో మూడు స్లాక్‌ల కాలమ్స్ కింద ఉన్నవే B⁻¹ కాలమ్స్. పరిమితి ≥ రకమైతే సర్‌ప్లస్ కాలమ్ గుర్తు తిరగబడి ఉంటుంది, చాలామంది తప్పేది అక్కడే.

ఇప్పుడు షాడో ప్రైస్. బేసిస్‌లోని వాటి లాభాలు 40, 30, 0. ఈ వరుసను B⁻¹తో గుణిస్తే 18, 4, 0 వస్తాయి. మెషిన్ గంటకు 18, ఫిట్టింగ్ గంటకు 4, గిరాకీకి సున్నా. ఈ లెక్కలో 100, 150, 45 ఎక్కడా రాలేదు. బేసిస్ మారనంత కాలం, కుడివైపు అంకెలు ఎలా కదిలినా ధర ఇంతే. మరి బేసిస్ ఎప్పుడు మారుతుంది? కుడివైపు అంకెల్ని B⁻¹తో గుణిస్తే వచ్చే x, y, s3లలో ఏదో ఒకటి సున్నా కిందికి దిగబోతున్నప్పుడు. హద్దు వెతకడమంటే ఆ చోటు వెతకడమే.

ఫిట్టింగ్ గంటలు 150 నుంచి 150 + Δ అయ్యాయనుకోండి. రెండో పరిమితి కాబట్టి B⁻¹లో రెండో కాలమ్ ఒక్కటే కావాలి:

```
x  = 30 - 0.2Δ ≥ 0   →  Δ ≤ 150
y  = 40 + 0.4Δ ≥ 0   →  Δ ≥ -100
s3 =  5 - 0.4Δ ≥ 0   →  Δ ≤ 12.5
```

పైకి వెళ్లేటప్పుడు అన్నిటికంటే చిన్న హద్దు 12.5. కిందికి −100. కాబట్టి 4 అన్న ధర 50 గంటల నుంచి 162.5 గంటల వరకు చెల్లుతుంది. మీరు వెళ్లింది 180కి.

ఏ వరుస ముందుగా సున్నా అయిందో చూస్తే కారణం కూడా దొరుకుతుంది. ఇక్కడ అయింది s3. అంటే ఫిట్టింగ్ గంటలు పెరిగే కొద్దీ రెండో రకం ఎక్కువ చేశారు, y = 45 దగ్గర గిరాకీ అడ్డుపడింది. ఆ తర్వాత ధర ఎంతో కూడా ఈ పట్టికే చెబుతుంది. s3 వరుసలో స్లాక్‌ల కింద ఉన్న అంకెలు 0.2, −0.4. డ్యూయల్ సింప్లెక్స్ పద్ధతిలో బేసిస్‌లోకి రాగలిగేది రుణాత్మక అంకె ఉన్నదే, అది ఫిట్టింగ్ స్లాక్. స్లాక్ బేసిస్‌లోకి వచ్చిందంటే ఆ వనరు మిగిలిపోతోందని అర్థం, దాని ధర సున్నా. సరిచూసుకోండి: 180 గంటలతో x = 27.5, y = 45, లాభం 2450. మీకు అందిన 50 అదే.

మెషిన్ గంటలకు మొదటి కాలమ్ తీసుకోవాలి: 30 + 0.6Δ, 40 − 0.2Δ, 5 + 0.2Δ. హద్దులు −25, +200. అంటే 18 అన్న ధర 75 గంటల నుంచి 300 గంటల దాకా నిలుస్తుంది. మీరు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ.

ఇంకో సంగతి, ఇది రిపోర్టును జాగ్రత్తగా చదివేవాళ్లకు కూడా తట్టదు. ఆ హద్దులు ఒక్కొక్క అంకెనూ విడిగా కదిపినప్పటివి. మీరు ఫిట్టింగ్‌కు 30 గంటలతో పాటు మెషిన్‌కు 60 గంటలు కలిపి ఉంటే s3 = 5 + 0.2×60 − 0.4×30 = 5. గిరాకీ అడ్డు రానే రాదు. x = 60, y = 40, లాభం 3600. పెరిగింది 1200, సరిగ్గా 18×60 + 4×30. 12.5 దాటకూడదన్న ఫిట్టింగ్ 30 పెరిగినా ధరలు రెండూ నిలబడ్డాయి. పాఠాల్లో చెప్పే వంద శాతం నియమం ప్రకారం 60/200 + 30/12.5 కలిపితే 270 శాతం. ఆ నియమం వంద లోపుంటే భరోసా ఇస్తుంది, దాటితే ఏమీ చెప్పదు. B⁻¹ చేతిలో ఉన్నవాళ్లకు దాని అవసరమే లేదు. రెండు కాలమ్స్ కలిపి కూడి, మూడు వరుసలూ సున్నాకు తగ్గలేదో చూసుకుంటే చాలు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. ఈ లెక్క అంతా సాల్వర్ లోపల ఎలాగూ జరుగుతుంది. అయినా ధరను పెద్దక్షరాల్లో చూపించి, హద్దుల్ని మరో ట్యాబ్‌లోనో, టిక్ పెడితే తప్ప రాని రిపోర్టులోనో దాచే డిజైన్ ఎవరికి మేలు చేస్తుంది? హద్దు లేని ధర సగం సమాధానం. ఆ రిపోర్టు తెరిచినా `Allowable Increase` కింద 12.5 అని మాత్రమే ఉంటుంది. అది పెంచగల మొత్తమే కానీ చేరగల విలువ కాదని పక్కన ఒక్క మాట రాయరు. హద్దే లేని చోట `1E+30` అని ముద్రిస్తారు, దాన్ని చూసి ఫైల్ పాడైందని రాసేవాళ్లున్నారు. అప్‌డేట్లలో రంగులు మారుతున్నాయి, ఇది మాత్రం మారదు.

డీజనరసీ విషయంలో ఈ అశ్రద్ధ ఇంకా ప్రమాదం. మీ గిరాకీ 45 బదులు 40 అయి ఉంటే సమాధానం అదే, x = 30, y = 40. కానీ s3 బేసిస్‌లో ఉండి కూడా సున్నా. అప్పుడు పై లెక్కలో 12.5 ఉన్న చోట 0 వస్తుంది: ఫిట్టింగ్ ధర 4, ఒక్క గంట కూడా పెంచకూడదు. అదే బిందువుకు మరో బేసిస్ ఉంది, s3 బదులు ఫిట్టింగ్ స్లాక్ ఉన్నది. దాని ప్రకారం ధరలు 20, 0, 10. ఒక సాల్వర్ 4 అంటుంది, ఇంకోటి 0 అంటుంది, రెండూ నిజమే. 150 గంటల నుంచి కిందికి తగ్గితే గంటకు 4 పోతుంది, పైకి పెరిగితే ఏమీ రాదు. బేసిస్‌లోని విలువల్లో సున్నా కనిపించినా, రిపోర్టులో పెంచదగ్గది గానీ తగ్గించదగ్గది గానీ సున్నా అని ఉన్నా, అక్కడ ఆగి రెండు దిక్కులకూ విడిగా లెక్క వేయండి.

చివరగా, మీ ఉత్తరం చదివినప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వేరు. మీరు జతచేసిన ఫైల్‌లో లాభాలు, సామర్థ్యాలు, గిరాకీ అంచనా అన్నీ అసలు అంకెలతో ఉన్నాయి. ఇలాంటి ఫైళ్లనే ఉచిత ఆన్‌లైన్ సాల్వర్లలోకి ఎక్కిస్తున్నారు చాలామంది. అప్‌లోడ్ చేసిన మోడల్ అక్కడ ఎన్నాళ్లుంటుందో, ఎవరు చూస్తారో మీ చేతిలో ఉండదు. షాడో ప్రైస్ అంటే మీరు ఒక అదనపు గంటకు గరిష్ఠంగా ఎంత ఇవ్వగలరో ఆ అంకె. ఫిట్టింగ్ గంటలు మీకు అమ్మేవాడికి అది తెలిస్తే బేరం అక్కడితో ముగిసినట్టే. కొన్ని స్ప్రెడ్‌షీట్లు సాల్వర్ సెట్టింగులను షీటులో దాచిన పేర్లుగా ఉంచుతాయి. సెల్స్ తుడిచేసినా మోడల్ జాడ ఫైల్‌లో మిగులుతుంది. బయటికి పంపేటప్పుడు కావాల్సిన ఫలితాల విలువల్ని మాత్రమే కొత్త ఫైల్‌లోకి కాపీ చేయండి.

బయటి సాల్వర్ తప్పనిసరైతే అంకెలు మార్చి పంపండి. ఒక పరిమితి వరుస మొత్తాన్ని, కుడివైపుతో సహా, 7తో గుణిస్తే బేసిస్ మారదు. ఫిట్టింగ్ 150 కాస్తా 1050 అవుతుంది, పై హద్దు 1137.5 అవుతుంది, ధర 4/7 అవుతుంది. ఇంటికొచ్చాక హద్దును 7తో భాగించి, ధరను 7తో గుణించుకోవాలి. లాభాల వరుసను కూడా ఒక రహస్య సంఖ్యతో గుణించవచ్చు, ధరలన్నీ అదే నిష్పత్తిలో పెరుగుతాయి. ప్రతి వరుసకూ వేరే సంఖ్య వాడండి. దీనితో అసలు గంటలు, లాభాలు దాగుతాయి. ఏ పరిమితి బిగిసి ఉంది, ఏది వదులుగా ఉంది అన్నది మాత్రం దాగదు. అది కూడా బయటపడకూడదనుకుంటే, మూడు వరుసల మోడల్‌కు పైన చూపినట్టు చేత్తో చేసుకోవడమే దారి.