డీపీఓలో కచ్చితత్వం పెరుగుతున్నా జవాబులు ఎందుకు సాగిపోతాయి?

ప్రశ్న: "సుమారు నాలుగు వేల తెలుగు జతలతో డీపీఓ నడిపాను. `rewards/accuracies` 0.9 దాటింది, లాస్ కూడా బాగా తగ్గింది. కానీ మోడల్ ఇప్పుడు చిన్న ప్రశ్నకు కూడా పేజీడు జవాబు ఇస్తోంది, చెప్పిందే మళ్లీ చెబుతోంది. తప్పు డేటాలోనా, సెట్టింగుల్లోనా?"

ముందు డేటాను అనుమానించండి. డీపీఓ అంటే ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు జవాబుల జతలు చూపించి, మనిషి ఎంచినదాని వైపు మోడల్‌ను మళ్లించే శిక్షణ. ఇదే లక్షణం కనిపించినప్పుడు నేను మూడు వారాలపాటు, మొదటి మోడల్ నుంచి ఎంత దూరం జరగవచ్చో నిర్ణయించే బీటా విలువను, లెర్నింగ్ రేటును మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఏ జవాబు మేలైనదో మా మోడల్ నేర్చుకోలేదు, ఏ జవాబు పొడవైనదో నేర్చుకుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీ దగ్గరా అదే జరిగిందని నాకు బలంగా అనిపిస్తోంది.

మా డేటాలోని ఒక జతను చూపిస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ప్రశ్న: "రాత్రి నానబెట్టి రుబ్బిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పులవలేదు, ఏం చేయాలి?" మొదటి జవాబు మూడు వాక్యాలు: చలికి పులియడం ఆలస్యమవుతుందని, గిన్నెను వెచ్చని చోట మూతపెట్టి ఇంకో నాలుగైదు గంటలు ఉంచాలని, పిండి పొంగి పుల్లని వాసన వస్తే సిద్ధమైనట్టేనని. రెండవది దక్షిణ భారతదేశంలో ఇడ్లీకి ఉన్న ఆదరణతో మొదలై, పులియడం అంటే ఏమిటో వివరించి, ఆ మూడు వాక్యాల విషయాన్నే మరో నాలుగు పేరాల్లో చెప్పి, "ఈ విధంగా మీరు మెత్తని ఇడ్లీలను పొందవచ్చు" అని ముగిసింది. జతలో మేలైనదాన్ని గుర్తించే అనోటేటర్ రెండవ జవాబును ఎంచుకున్నారు. డిగ్రీ చదివిన, వంట బాగా తెలిసిన ఆ అమ్మాయిని కారణం అడిగితే, "సార్, చిన్నదాన్ని ఎంచితే నేను చదవకుండా నొక్కేశానని అనుకుంటారేమోనని భయం వేసింది" అంది. మేమిచ్చిన మార్గదర్శకాల్లో "సమగ్రంగా ఉన్న జవాబును ఎంచండి" అని రాసి ఉంది. ఆ ఒక్క మాట ఆమె భయానికి తోడైంది. కాబట్టి తప్పు ఆమెది కాదు, మాది.

శిక్షణలో ఈ పక్షపాతం ఎందుకు మాసిపోదో తెలియాలంటే, పోలికల నుంచి మోడల్ ఏమి తీసుకుంటుందో చూడాలి. 1952 నాటి బ్రాడ్లీ-టెర్రీ నమూనా ప్రకారం రెండింటిలో ఒకటి గెలిచే సంభావ్యత వాటి స్కోర్ల తేడా మీదే ఆధారపడుతుంది. స్కోరుకు విడిగా అర్థమేమీ ఉండదు. జవాబులకు స్కోరు వేసే రివార్డ్ మోడల్‌కు శిక్షణ ఇచ్చేది ఈ సమీకరణంతోనే. ఎంచుకున్న జవాబు ఎందుకు గెలిచిందో దానికి ఎవరూ చెప్పరు. గెలిచినవాటిని ఓడినవాటి నుంచి వేరుచేసే ఏ గుర్తు దొరికినా అది వాడుకుంటుంది. పది జతల్లో ఏడింటిలో పొడవైనది గెలిస్తే, సమాచారం సరైనదా కాదా అని తేల్చడం కంటే పొడవు చూడడం దానికి ఎంతో సులువు. 2023లో వచ్చిన డీపీఓ విడి రివార్డ్ మోడల్‌ను తీసివేసినా ఈ సమీకరణాన్ని తీసివేయలేదు. దాన్ని నేరుగా భాషా మోడల్ సంభావ్యతల మీదే రాసింది:

```
loss = -log σ( β · [ (log π(yw|x) − log πref(yw|x))
                   − (log π(yl|x) − log πref(yl|x)) ] )
```

ఇక్కడ `x` ప్రశ్న, `σ` సిగ్మాయిడ్, `β` బీటా, `yw` గెలిచిన జవాబు, `yl` ఓడిన జవాబు, `πref` శిక్షణకు ముందున్న మోడల్. గమనించవలసింది `log π(y|x)` అంటే జవాబులోని ప్రతి టోకెన్, అంటే మోడల్ చదివే ప్రతి చిన్న ముక్క, లాగ్ సంభావ్యతల మొత్తం అని, సగటు కాదు. గెలిచిన జవాబు 400 టోకెన్లు, ఓడినది 150 టోకెన్లు అనుకుందాం. మోడల్ ఈ రెండింటి మధ్య నాణ్యత తేడాను ఏమాత్రం నేర్చుకోకుండా, రెండు జవాబుల్లోనూ ప్రతి టోకెన్ లాగ్ సంభావ్యతను సగటున 0.05 చొప్పున పెంచిందనుకోండి. గెలిచినదానికి 20 చేరుతుంది, ఓడినదానికి 7.5 చేరుతుంది. తేడా 12.5. బీటా 0.1 అయితే అది 1.25 అవుతుంది, సిగ్మాయిడ్ విలువ సుమారు 0.78. శిక్షణ మొదట్లో 0.693 ఉన్న లాస్ ఈ జతకు 0.25కు దిగిపోతుంది, `rewards/accuracies` ఈ జతను సరిగ్గా చెప్పినట్టు లెక్కిస్తుంది. రెండు జవాబులనూ ఒకే తీరున చూసిన మోడల్‌కు ఇంత మార్కులు పడ్డాయన్నమాట. పొడవైనవి, పొట్టివి సమానంగా గెలిచే డేటాలో ఈ లాభం ఒక జతలో వస్తే ఇంకో జతలో పోతుంది. ఒకవైపే మొగ్గిన డేటాలో మాత్రం పోగుపడుతూనే ఉంటుంది.

తెలుగులో ఇది ఇంకాస్త ముదురుతుంది. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు తీసుకుంటుంది. "క్షి" అనే ఒక్క అక్షరంలో నాలుగు కోడ్ పాయింట్లు, అంటే 12 బైట్లు ఉన్నాయి. తెలుగు టోకెన్లు తక్కువగా ఉండి బైట్లకు దిగిపోయే టోకెనైజర్ అయితే, కంటికి పది మాటల తేడాగా కనిపించేది లాస్‌లో వందకు పైగా టోకెన్ల తేడా కావచ్చు. అందుకే జవాబు పొడవును మాటల్లోనో అక్షరాల్లోనో కాకుండా, మీ మోడల్ టోకెనైజర్‌తోనే కొలవండి.

ఇప్పుడు మీ దగ్గర జరిగింది ఇదేనా అని నిర్ధారించుకోవడానికి, శిక్షణలో వాడని జతలను తీసుకుని, ఏ మోడలూ లేకుండా "పొడవైనదే గెలుస్తుంది" అన్న ఒక్క నియమానికి ఎన్ని మార్కులు వస్తాయో చూడండి:

```python
longer = [len(p["chosen_ids"]) > len(p["rejected_ids"]) for p in val]
print(sum(longer) / len(longer))
```

మాకు ఈ సంఖ్య 0.7 దాటింది, మేము గర్వంగా చూపించుకున్న మోడల్ కచ్చితత్వం దానికన్నా కొద్దిగా మాత్రమే ఎక్కువ. ఆ తర్వాత అవే జతలను రెండు కుప్పలు చేశాను: పొడవైనది గెలిచినవి ఒకవైపు, పొట్టిది గెలిచినవి ఇంకోవైపు. మొదటి కుప్పలో మోడల్ దాదాపు అన్నింటినీ సరిగ్గా చెప్పింది, రెండవ కుప్పలో సగం కూడా చెప్పలేకపోయింది. మొత్తం మీద తీసిన ఒక్క సగటు దీన్ని పూర్తిగా దాచేస్తుంది కాబట్టి, ఈ విభజన లేకుండా వచ్చిన ఏ కచ్చితత్వాన్నీ నేనిప్పుడు నమ్మను.

మీ 0.9 గురించి కూడా ఒక మాట. అది శిక్షణ జతల మీద వచ్చిందైతే పక్కన పెట్టి `eval_rewards/accuracies` చూడండి. 2022 నాటి ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పత్రంలో, శిక్షణ ఇచ్చి ఎంపిక చేసిన లేబులర్లే ఒకరితో ఒకరు ఏకీభవించింది సుమారు 73 శాతం సార్లు. మనుషుల మధ్యే అంత తేడా ఉండే పనిలో మోడల్ 90 శాతం తెచ్చుకుంటే, అది జతలను బట్టీ పట్టి ఉండాలి, లేదా పొడవు లాంటి పైపై గుర్తు ఏదో దొరికి ఉండాలి. దానితోపాటు గెలిచిన జవాబు స్కోరును చూపే `rewards/chosen` వక్రరేఖ ఎటు పోతోందో గమనించండి. లాస్‌కు కావలసింది తేడా మాత్రమే కనుక, గెలిచిన జవాబు సంభావ్యత కూడా పడిపోతూ, ఓడినదాని సంభావ్యత అంతకంటే వేగంగా పడిపోయినా `rewards/margins` అందంగా పెరుగుతుంది. అలా తప్పిపోయిన సంభావ్యత మీరు ఎప్పుడూ చూపించని మూడో రకం జవాబులకు చేరుతుంది. చెప్పిందే చెప్పడం కొన్నిసార్లు అక్కడినుంచే వస్తుంది. గెలిచిన జవాబు మీద మామూలు లాగ్ సంభావ్యత లాస్‌ను కొద్ది తూకంతో కలిపితే ఇది అదుపులో ఉంటుంది. లామా 3 శిక్షణలో ఆ తూకం 0.2.

సరిదిద్దడంలో మాకు ఎక్కువగా ఉపకరించింది డేటా పనే. మార్గదర్శకాల్లోంచి "సమగ్రంగా" అన్న మాటను తీసేసి, "అడిగినవారికి ఇంకేమీ అడగవలసిన అవసరం లేకుండా, అడగనిదేదీ చదవవలసిన అవసరం లేకుండా ఉన్నది" అని రాశాము. "రెండూ సమానమే" అనే బటన్ కూడా పెట్టాము. ఆ తర్వాత మంచి పొట్టి జవాబులను కొన్ని వందలు తీసుకుని, వాటికే అనవసరపు ఉపోద్ఘాతం, చివర్లో పునరుక్తి చేర్చి ఓడిన జవాబులుగా పెట్టాము. సమాచారం రెండింటిలోనూ ఒకటే కావడంతో, సాగదీత అనేదే ఓటమికి కారణమని ఆ జతలు మోడల్‌కు నేరుగా చూపిస్తాయి. మిగిలిన జతల్లో పొడవైనది గెలిచినవీ పొట్టిది గెలిచినవీ సరిసమానంగా వచ్చేలా కొన్నింటిని వదిలేశాము. డేటా తగ్గుతుందని మొదట బాధపడ్డాను గానీ, తీసేసినవి ఎలాగూ పొడవునే నేర్పుతున్నాయి.

డేటాను మార్చే వీలు లేకపోతే లాస్‌ను మార్చవచ్చు. 2024లో వచ్చిన సింపీఓ పద్ధతి మొత్తానికి బదులు టోకెన్‌కు సగటు లాగ్ సంభావ్యతను తీసుకుంటుంది. పై లెక్కలో 20కి, 7.5కి బదులు రెండు వైపులా 0.05 మాత్రమే చేరి, ఆ పెరుగుదల వల్ల వచ్చే తేడా సున్నా అవుతుంది. అయితే ఇది లెక్కలోంచి వచ్చే పక్షపాతాన్ని మాత్రమే తీసివేస్తుంది; అనోటేటర్లు నిజంగానే పొడవైనదాన్ని ఇష్టపడి ఉంటే మోడల్ దాన్ని ఇంకో దారిలో నేర్చుకుంటుంది. బీటాను పెంచితే మోడల్ మొదటి రూపానికి దగ్గరగా ఉండి లక్షణం తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, నేర్చుకోవలసినవీ దానితోపాటే తగ్గుతాయి. నా మూడు వారాలు పోయింది అక్కడే.

మళ్లీ శిక్షణ ఇచ్చాక రెండు వందల ప్రశ్నలకు పాత, కొత్త మోడళ్ల జవాబులు తీసి, టోకెన్ల సంఖ్య మధ్యమాన్ని పోల్చాము, ఏది ఏ మోడల్‌దో చెప్పకుండా చదివించాము. ఇడ్లీ పిండి ప్రశ్నకు నాలుగు వాక్యాలు వచ్చాయి. కానీ "కొత్త మోటారుకు స్టార్టర్ ఎలా బిగించాలి" లాంటి ప్రశ్నలకు మధ్యలో ఒక మెట్టు ఎగిరిపోవడం మొదలైంది, ఎందుకంటే సాగదీత వద్దని చెప్పే క్రమంలో, పొడవు నిజంగా అవసరమైన జతలను కూడా మేము బాగా తగ్గించేశాము. అటువంటి దశలవారీ ప్రశ్నలను విడిగా ఏరి, పూర్తి మెట్లున్న పొడవైన జవాబు గెలిచి, ఒక మెట్టు వదిలేసిన పొట్టి జవాబు ఓడిన జతలను తిరిగి చేర్చిన తర్వాతే ఆ లోపం పోయింది. మీరు డేటాను సరిచేసేటప్పుడు ఈ రెండు రకాల ప్రశ్నలనూ ముందే విడదీసి, కచ్చితత్వాన్ని దేనికది విడివిడిగా కొలవండి.